జిమ్ డబ్బాలూ, పలచబడే జుట్టూ

జిమ్‌లో చేరి ఏడాది తిరగకముందే ఛాతీ పెరుగుతుంది, చేతులు గట్టిపడతాయి, వాటితోపాటు నుదురూ పెరుగుతుంది. మొదటి రెండింటికీ మురిసిపోయిన కుర్రాడు మూడోది చూసి హడలిపోతాడు. ఇంట్లో అమ్మ తప్పంతా ఆ పొడి డబ్బాదే అంటుంది. హాస్టల్లో పక్క మంచం స్నేహితుడు బోరు నీళ్ళని తిడతాడు. జిమ్‌లో సీనియర్ "అదేం లేదు తమ్ముడూ, హెల్మెట్ వల్ల" అని తేల్చేస్తాడు. ఈ ముగ్గురిలో అమ్మ అనుమానానికే కాస్త ఆధారం ఉంది. కాకపోతే ఆమె వేలు చూపించే డబ్బా వేరు, చూపించాల్సిన డబ్బా వేరు.

జిమ్ పక్కనున్న సప్లిమెంట్ల దుకాణంలో మూడు రకాల సరుకు దొరుకుతుంది. మొదటిది వే ప్రొటీన్, క్రియాటిన్ లాంటి తిండి సరుకు. రెండోది మగతనం, బలం, కండ పెంచుతామని చెప్పే టెస్టోస్టెరాన్ బూస్టర్లు. మూడోది అరలో కనిపించదు, అడిగితే కౌంటర్ కింది నుంచి వస్తుంది. కుర్రాళ్ళు 'గేర్' అనీ, 'జ్యూస్' అనీ, మాత్రలైతే 'ఓరల్స్' అనీ పిలుచుకునే అనబాలిక్ స్టెరాయిడ్లు అవే. జుట్టు విషయంలో ఈ మూడూ ఒకటి కావు. చిక్కంతా ఎక్కడంటే, రెండో డబ్బాలో మూడో సరుకు దాక్కుని రావడం.

అర్థం కావడానికి ఒక కుర్రాణ్ణి తీసుకుందాం. ఇది ఏ ఒక్కరి కథా కాదు, చర్మవైద్యుల దగ్గరికి తరచూ వచ్చే ఫిర్యాదులను కలిపి అల్లుకున్న ఉదాహరణ. వయసు 24. కరీంనగర్ నుంచి వచ్చి గచ్చిబౌలిలో ఉద్యోగం చేస్తున్నాడు. నాన్నకి అరవై దగ్గర పడుతున్నా ఒత్తయిన జుట్టు. మేనమామకు మాత్రం ముప్పై రెండేళ్ళకే నడినెత్తి కనిపించింది. మనవాడు జనవరిలో జిమ్‌లో చేరి రోజుకో స్కూప్ వే ప్రొటీన్ మొదలుపెట్టాడు. మార్చిలో క్రియాటిన్ కలిపాడు. ఏప్రిల్లో 'కటింగ్' అని అన్నం మానేసి, రోజంతా కలిపి 1200 కేలరీలు దాటకుండా తిని, రెండు నెలల్లో తొమ్మిది కిలోలు తగ్గాడు. జూన్ చివర్లో తలస్నానం చేస్తే బాత్‌రూమ్ జాలీ మీద గుప్పెడు వెంట్రుకలు. జూలైలో కోచ్ ఒక 'హెర్బల్ బూస్టర్' ఇప్పించాడు. నాలుగు వారాల్లో ఐదు కిలోల బరువు పెరిగాడు, వీపు నిండా మొటిమలు. డిసెంబరు వచ్చేసరికి గుప్పెళ్ళకొద్దీ రాలడం ఆగింది. కానీ నుదుటి రెండు మూలలూ వెనక్కి జరిగాయి, నడినెత్తి మీద చర్మం మెరుస్తోంది.

జూన్‌లో జరిగింది ఒకటి, డిసెంబరుకి జరిగింది మరొకటి. ఆ తేడా తెలియాలంటే ముందు వెంట్రుక ఎలా బతుకుతుందో చూడాలి.

నెత్తి మీద ప్రతి వెంట్రుకకూ చర్మం లోపల ఒక కుదురు ఉంటుంది. ఆ కుదురు రెండు నుంచి ఆరేళ్ళ పాటు ఆగకుండా వెంట్రుకను పెంచుతుంది. తర్వాత రెండు మూడు వారాల్లో పని ముగించి, మూడు నెలలు విశ్రాంతి తీసుకుంటుంది. ఆ విశ్రాంతి చివర పాత వెంట్రుక రాలి, అదే కుదురులోంచి కొత్తది మొలుస్తుంది. మామూలు మనిషికి రోజుకు యాభై నుంచి వంద వెంట్రుకలు ఇలాగే రాలతాయి. కాబట్టి దువ్వెనలో వెంట్రుకలు కనిపించినంత మాత్రాన బట్టతల వస్తోందని కాదు. అసలు చూడాల్సింది రాలినదాని చోట ఏం మొలుస్తోందన్నది. బట్టతలలో వెంట్రుక రాలి ఊరుకోదు, ప్రతి విడతా మొలిచేది ముందటికన్నా సన్నగా, పొట్టిగా, రంగు తగ్గి వస్తుంది. పెరిగే కాలం ఏళ్ళ నుంచి నెలలకి పడిపోతుంది. కొన్ని విడతలు గడిచాక అక్కడ పసిపిల్లల ఒంటి మీద ఉండే నూగు మాత్రమే మిగులుతుంది.

ఈ కుదించుకుపోవడానికి మగ హార్మోన్‌కూ సంబంధం ఉందని గట్టిగా చూపించినవాడు అమెరికన్ శరీరశాస్త్రవేత్త జేమ్స్ హామిల్టన్. 1942లో అచ్చయిన ఆయన పరిశోధనలో, యవ్వనం రాకముందే వృషణాలు పోగొట్టుకున్న మగవాళ్ళు ఉన్నారు. వాళ్ళకు వయసు మీరినా బట్టతల రాలేదు. వాళ్ళలో కొందరికి టెస్టోస్టెరాన్ ఇచ్చి చూస్తే, ఎవరి కుటుంబంలో బట్టతల ఉందో వాళ్ళ జుట్టు ఊడటం మొదలైంది. కుటుంబంలో లేనివాళ్ళకు అదే మందు ఇచ్చినా తల చెక్కుచెదరలేదు. ఎనభై ఏళ్ళు దాటిపోయినా ఈ విషయంలో నాకు అన్నిటికన్నా పనికొచ్చే మాట ఇదే అనిపిస్తుంది. హార్మోన్ ఒక్కటే బట్టతల తేలేదు, వంశం ఒక్కటే కూడా తేలేదు. రెండూ కలవాలి.

ఆ హార్మోన్ అసలు రూపం తర్వాత బయటపడింది. టెస్టోస్టెరాన్‌ను 5-ఆల్ఫా రిడక్టేజ్ అనే ఎంజైమ్ డైహైడ్రోటెస్టోస్టెరాన్‌గా మారుస్తుంది. పేరు పొడుగు కాబట్టి అందరూ డీహెచ్‌టీ అంటారు. కుదురులోని గ్రాహకాన్ని ఇది టెస్టోస్టెరాన్ కన్నా గట్టిగా పట్టుకుంటుంది. డొమినికన్ రిపబ్లిక్‌లోని కొన్ని కుటుంబాల్లో పుట్టుకతోనే ఈ ఎంజైమ్ లోపించినవాళ్ళు ఉన్నారని 1974లో జూలియన్ ఇంపెరాటో-మెగిన్లీ బృందం వెల్లడించింది. ఆ మగవాళ్ళకు టెస్టోస్టెరాన్ మామూలుగానే ఉంది, కండలూ వచ్చాయి. డీహెచ్‌టీ తక్కువ. గడ్డం పలచన, నుదుటి మూలలు మాత్రం వెనక్కి పోలేదు. బట్టతలకు నేడు వాడే ఫినాస్టెరైడ్ మాత్ర పనిచేసేది ఆ ఎంజైమ్ మీదే.

విచిత్రం ఏమిటంటే, గడ్డాన్నీ ఛాతీ మీద వెంట్రుకల్నీ పెంచేది కూడా ఈ డీహెచ్‌టీయే. తల వెనక భాగం, చెవుల పైభాగం దాన్ని పట్టించుకోవు. అందుకే ఎంత బట్టతల మనిషికైనా వెనక ఒక వరుస మిగులుతుంది, హెయిర్ ట్రాన్స్‌ప్లాంట్‌కి కుదుళ్ళు అక్కడి నుంచే తీస్తారు. అంటే ఒకే రసాయనానికి ఒకే మనిషి ఒంటి మీద మూడు చోట్ల మూడు రకాల స్పందన. ఆ స్పందన ఎలా ఉండాలో కుదురులో పుట్టుకతోనే రాసి ఉంటుంది.

ఆ రాత ఎవరి నుంచి వస్తుంది? నాన్నకు ఒత్తయిన జుట్టుందని మనవాడు ధీమాగా ఉన్నాడు. ఈ గ్రాహకాన్ని తయారుచేసే జన్యువు ఎక్స్ క్రోమోజోమ్ మీద ఉంటుంది. మగపిల్లవాడికి ఎక్స్ వచ్చేది తల్లి నుంచి. అందుకే ఈ లెక్కలో మేనమామ తల చూడటంలో అర్థముంది. అయితే బట్టతలకు సంబంధించిన జన్యుస్థానాలు వందకు పైగా బయటపడ్డాయి, వాటిలో చాలా తండ్రి నుంచీ రావచ్చు. కాబట్టి రెండు వైపులా చూసుకోవాలి. ఒక్క నాన్నను చూసి ధైర్యపడకూడదు, ఒక్క మేనమామను చూసి దిగులుపడకూడదు.

ఇప్పుడు కౌంటర్ కింది సరుకు సంగతి. పడుచువాడి శరీరం రోజుకు సుమారు ఆరు మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ తయారుచేసుకుంటుంది. జిమ్ భాషలో 'మొదటి సైకిల్' అంటే తరచూ వారానికి 500 మిల్లీగ్రాముల టెస్టోస్టెరాన్ ఎనాంథేట్ ఇంజెక్షన్. అందులో మందుకు అతికించిన ఎస్టర్ బరువు తీసేస్తే అసలు టెస్టోస్టెరాన్ 360 మిల్లీగ్రాములు. ఏడు రోజులకు పంచితే రోజుకు యాభై చిల్లర. అంటే ఒంటికి సొంతంగా వచ్చేదానికి ఎనిమిది రెట్లకు పైగా. ఎంజైమ్‌కు అంత ముడిసరుకు అందితే డీహెచ్‌టీ కూడా ఆ మేరకు పెరుగుతుంది. మేనమామ పోలిక ఉన్న కుదురు మీద ఇది పడితే, పదేళ్ళలో మెల్లగా రావాల్సిన బట్టతల కొన్ని నెలల్లోనే ముందుకు తోసుకొస్తుంది. వంశంలో అసలు లేనివాడికి అంతే మోతాదులో కూడా జుట్టు నిలబడవచ్చు. "ఫలానా అన్న ఐదేళ్ళుగా వాడుతున్నాడు, జుట్టు చూడు ఎలా ఉందో" అనే సాక్ష్యం అందుకే చెల్లదు. ఆ అన్న జుట్టు ఆ అన్న మేనమామది.

ఇక్కడ జిమ్‌లలో తిరిగే ఒక చిట్కా గురించి చెప్పక తప్పదు. సైకిల్ మొదలుపెట్టేటప్పుడే ఫినాస్టెరైడ్ కూడా వేసుకుంటే జుట్టు కాపాడుకోవచ్చని అంటారు. టెస్టోస్టెరాన్ ఇంజెక్షన్ ఒక్కటే అయితే ఆ మాటలో కొంత లాజిక్ ఉంది, ఎంజైమ్‌ను ఆపితే డీహెచ్‌టీ తగ్గుతుంది కాబట్టి. అప్పుడు కూడా ఎనిమిది రెట్ల టెస్టోస్టెరాన్ నేరుగా ఆ గ్రాహకం మీద పడుతూనే ఉంటుంది. స్టానోజోలాల్, ఆక్సాండ్రోలోన్, డ్రోస్టానోలోన్, మెస్టెరోలోన్ లాంటివాటి కథ వేరు. ఇవి డీహెచ్‌టీ అణువును మలిచి తయారుచేసినవి, పనిచేయడానికి వీటికి ఆ ఎంజైమ్ అవసరమే లేదు. కాబట్టి వాటి ముందు ఫినాస్టెరైడ్ చేసేదేమీ లేదు. నాండ్రోలోన్ విషయంలో లెక్క పూర్తిగా తిరగబడుతుంది. దాన్ని ఈ ఎంజైమ్ బలహీనమైన పదార్థంగా మారుస్తుంది. ఎంజైమ్‌ను మాత్రతో ఆపేస్తే బలమైన రూపమే నెత్తి కుదుళ్ళలో మిగిలిపోతుంది. జుట్టు కాపాడుకుందామని వేసుకున్న మాత్ర జుట్టుకే ఎదురుతిరగవచ్చు. చేతిలో ఉన్న మందేమిటో తెలియని కోచ్ చెప్పే మోతాదుకు ఏపాటి విలువ ఉంటుందో పాఠకులే ఊహించుకోవచ్చు. పైగా నల్లబజారు సీసా మీద రాసిందే లోపల ఉంటుందన్న నమ్మకమూ లేదు.

మన దేశంలో ఇవి డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాల్సిన మందులు. ఆ నియమం ఎంతవరకు అమలవుతోందో జిమ్‌కి వెళ్ళేవాళ్ళందరికీ తెలుసు. హైదరాబాద్‌లో జిమ్ కుర్రాళ్ళకు మెఫెంటర్మిన్ ఇంజెక్షన్లు అమ్ముతున్నవాళ్ళు పోలీసులకు పలుమార్లు చిక్కారు. అది కండ పెంచే హార్మోన్ కూడా కాదు, ఆపరేషన్ సమయంలో బీపీ పడిపోతే డాక్టర్లు వాడే మందు. జుట్టుతో దానికి సంబంధం లేకపోయినా, మందుల సరఫరా ఏ దారిన నడుస్తోందో చెప్పడానికి అది చాలు.

బూస్టర్ల దగ్గరికి వద్దాం. వీటి సీసాల మీద తరచూ కనిపించే పేరు ట్రిబ్యులస్. ఏదో విదేశీ మూలిక అనుకోకండి, పొలం గట్ల మీద కాళ్ళలో గుచ్చుకునే మన పల్లేరు కాయే. ఆయుర్వేదంలో గోక్షురం. ఆరోగ్యంగా ఉన్న మగవాళ్ళ మీద చేసిన పరీక్షల్లో ఇది టెస్టోస్టెరాన్‌ను చెప్పుకోదగ్గట్టు పెంచలేదు. మెంతుల సారం, అశ్వగంధ, జింక్ కూడా ఈ సీసాల్లో ఉంటాయి. కొన్ని చిన్న పరీక్షల్లో అశ్వగంధ కొద్దిగా పెంచినట్టు కనిపించినా, ఆ పెరుగుదల ఇంజెక్షన్ లెక్కల పక్కన పెట్టి చూడదగింది కాదు. జింక్ లోపం ఉన్నవాడికి జింక్ పనికొస్తుంది, లేనివాడికి అదనంగా ఒరిగేదేమీ లేదు. సీసా మీద రాసింది మాత్రమే సీసాలో ఉంటే, బూస్టర్ వల్ల కండా పెద్దగా రాదు, జుట్టూ పెద్దగా పోదు. దండగయ్యేది డబ్బు.

మరి మనవాడికి నాలుగు వారాల్లో ఐదు కిలోలు ఎలా వచ్చాయి? పల్లేరు కాయ ఆ పని చేయలేదు. ఒలింపిక్ కమిటీ సాయంతో జర్మనీలోని కొలోన్ ప్రయోగశాల 13 దేశాల నుంచి 634 సప్లిమెంట్లు కొని పరీక్షించింది. హార్మోన్లు ఉన్నట్టు లేబుల్ మీద ఎక్కడా లేని సరుకే అదంతా. వాటిలో 94 డబ్బాల్లో, అంటే దాదాపు ఏడింటికి ఒకదాంట్లో, చెప్పకుండా కలిపిన స్టెరాయిడ్లు దొరికాయి. ఆ ఫలితాలు 2004లో వచ్చాయి. అమెరికా మందుల నియంత్రణ సంస్థ 2007 నుంచి 2016 వరకు కల్తీగా గుర్తించిన 776 సప్లిమెంట్ల జాబితాను 2018లో పరిశోధకులు విశ్లేషించారు. అందులో కండ పెంచే రకం 92. ఆ 92లో 82 డబ్బాల్లో స్టెరాయిడ్లో, వాటి తరహా పదార్థాలో ఉన్నాయి. మార్కెట్లోని ప్రతి డబ్బా కల్తీదని దీని అర్థం కాదు, అది పట్టుబడినవాటి జాబితా. కానీ కల్తీ చేసినప్పుడు ఏం కలుపుతారో మాత్రం స్పష్టంగా తెలుస్తోంది.

మన దేశంలోనూ కేరళకు చెందిన కాలేయ వైద్యుడు సిరియాక్ ఆబీ ఫిలిప్స్ బృందం 36 ప్రొటీన్ సప్లిమెంట్లను పరీక్షించి 2024లో ఫలితాలు ప్రకటించింది. వాటిలో దాదాపు డెబ్బై శాతం డబ్బాల మీద రాసిన ప్రొటీన్ లెక్క లోపలి సరుకుతో సరిపోలేదు. కొన్నిట్లో బూజు విషాల ఆనవాళ్ళు, పురుగుమందుల అవశేషాలూ కనిపించాయి. మన ఆహార భద్రతా సంస్థ నిబంధనలు ఈ తరహా సప్లిమెంట్లలో హార్మోన్లు, స్టెరాయిడ్లు కలపకూడదనే చెబుతున్నాయి. నిబంధన కాగితం మీద ఉంటుంది, మనవాడు మింగింది మాత్రం డబ్బాలోది.

దాచిన స్టెరాయిడ్‌ను ఇంట్లో పరీక్షించే మార్గం లేదు. కానీ ఒళ్ళు చెబుతుంది. తిండీ వ్యాయామమూ మారకుండా మూడు నాలుగు వారాల్లో అసాధారణంగా బరువు పెరగడం, వీపు మీదా భుజాల మీదా ఒక్కసారిగా మొటిమలు, చనుమొన కింద నొప్పితో కూడిన గడ్డ, వృషణాలు చిన్నబోవడం, చీటికిమాటికి కోపం. డబ్బా ఆపేశాక నీరసం, కోరిక తగ్గడం. వీటిలో రెండు మూడు కలిసి వస్తే అది మూలికల పని కాదు.

రక్తపరీక్ష ఇంకా సూటిగా చెబుతుంది, చదవడం తెలిస్తే. మెదడు కింద ఉండే పిట్యూటరీ గ్రంథి ఎల్‌హెచ్ అనే హార్మోన్‌ను పంపి వృషణాలను పని చేయమంటుంది. బయటి నుంచి మగ హార్మోన్ వచ్చి పడుతుంటే గ్రంథి ఆ ఆజ్ఞ ఆపేస్తుంది. అందువల్ల ఎల్‌హెచ్, దాని తోడు ఎఫ్‌ఎస్‌హెచ్ రెండూ అడుగంటుతాయి. మనవాడు టెస్టోస్టెరాన్ ఇంజెక్షనే తీసుకుని ఉంటే రిపోర్టులో టెస్టోస్టెరాన్ బాగా ఎక్కువ, ఎల్‌హెచ్ బాగా తక్కువ కనిపించేది. అతను మింగింది వేరే స్టెరాయిడ్ కలిసిన మాత్ర. ఆ స్టెరాయిడ్ మామూలు పరీక్షకు టెస్టోస్టెరాన్‌గా కనిపించదు. దాంతో కండలు తిరిగిన కుర్రాడి రిపోర్టులో టెస్టోస్టెరాన్ కూడా తక్కువే, ఎల్‌హెచ్ కూడా తక్కువే. పైగా మంచి కొలెస్ట్రాల్ పడిపోయి ఉంటుంది. రిపోర్టు చూసి కోచ్ "నీకు టెస్టోస్టెరాన్ తక్కువుంది, అందుకే బూస్టర్ కావాలి" అంటాడు. తగ్గించింది ఆ డబ్బానే అని అతనికి తెలియదు, తెలిసినా చెప్పడు. పిల్లలు కావాలనుకునే వయసులో వీర్యకణాలు పడిపోవడానికి కారణమూ ఈ ఆగిపోయిన ఆజ్ఞే. ఆపేశాక కోలుకోవడానికి నెలలు పట్టవచ్చు, కొందరికి ఏడాది దాటవచ్చు.

ఇక్కడ ఇంకో చిన్న మెలిక. జుట్టు కోసమని చాలామంది బయోటిన్ మాత్రలు మింగుతుంటారు. ఎక్కువ మోతాదు బయోటిన్ కొన్ని ల్యాబ్ యంత్రాలలో థైరాయిడ్, టెస్టోస్టెరాన్ పరీక్షల అంకెలను తప్పుగా చూపిస్తుంది. పరీక్షకు ముందే ఆ సంగతి డాక్టర్‌కు చెబితే, ఎన్ని రోజులు ఆపాలో ఆయన చెబుతారు.

వే ప్రొటీన్ మాటేమిటి? పాలు విరగ్గొట్టి జున్నుముక్క చేశాక మిగిలే తేట నుంచి తీసిన పొడి అది. ఒక స్కూప్‌లో ఇరవై నాలుగు గ్రాముల ప్రొటీన్ ఉంటుంది, నాలుగు గుడ్లలో ఉన్నంత. అది డీహెచ్‌టీని పెంచుతుందనడానికి ఆధారం లేదు. మొటిమల ధాతువు ఉన్న కొందరికి వే వల్ల మొటిమలు ఎక్కువైనట్టు వైద్యులు నమోదు చేశారు, దానికి దారి ఇన్సులిన్ తరహా హార్మోన్లు. అంతకుమించి బట్టతల నిందను దాని మీద వేయడం సరికాదు. అసలు వెంట్రుకే ప్రొటీన్‌తో తయారవుతుంది.

క్రియాటిన్ మీద పడిన నింద ఒకే ఒక్క పరిశోధన నుంచి వచ్చింది. 2009లో దక్షిణాఫ్రికాలో ఇరవై మంది కాలేజీ రగ్బీ ఆటగాళ్ళకు మొదటి వారం రోజుకు 25 గ్రాములు, తర్వాత రెండు వారాలు 5 గ్రాముల చొప్పున క్రియాటిన్ ఇచ్చారు. వారానికి డీహెచ్‌టీ 56 శాతం పెరిగింది, మూడు వారాల తర్వాత కూడా 40 శాతం ఎక్కువే ఉంది. ఈ శాతాలే జిమ్ జిమ్‌కూ పాకాయి. పాకనిది ఏమిటంటే, పెరిగిన తర్వాత కూడా ఆ అంకెలు మామూలు హద్దుల్లోనే ఉన్నాయి, అసలు టెస్టోస్టెరాన్ మారలేదు, ఎవరి జుట్టునూ ఎవరూ లెక్కపెట్టలేదు. జుట్టును కూడా చూసిన పరీక్ష 2025లో అచ్చయింది. నలభై ఐదు మందిని తీసుకుని, కొందరికి క్రియాటిన్, కొందరికి ఉత్తుత్తి పొడి పన్నెండు వారాలు ఇచ్చారు. డీహెచ్‌టీలో గానీ కుదుళ్ళలో గానీ తేడా రాలేదు. పన్నెండు వారాలు బట్టతలకు చాలా చిన్న గడువు, అందుకే చివరి తీర్పు అని అనను. ఇప్పటికి మాత్రం క్రియాటిన్‌ను దోషిగా నిలబెట్టే సాక్ష్యం లేదు.

మరి జూన్‌లో జాలీ మీద పడిన గుప్పెడు? అది ఏప్రిల్, మే నెలల ఉపవాసానికి బిల్లు. ఒంటికి పెద్ద దెబ్బ తగిలినప్పుడు, అది డెంగ్యూ కావచ్చు, టైఫాయిడ్ కావచ్చు, బలవంతపు డైట్ కావచ్చు, చాలా కుదుళ్ళు ఒకేసారి పని మానేసి విశ్రాంతిలోకి వెళ్తాయి. విశ్రాంతి మూడు నెలలు కదా, అందుకే రాలడం రెండు మూడు నెలలు ఆలస్యంగా మొదలవుతుంది. మనిషికి మాత్రం నిన్న తాగిన షేక్ గుర్తుంటుంది, మూడు నెలల కిందటి డైట్ గుర్తుండదు. అందుకే నేరం ఎప్పుడూ తప్పుడు డబ్బా మీద పడుతుంది. ఈ రకం రాలడంలో తలంతా సమానంగా పలచబడుతుంది, నుదుటి గీత కదలదు, కుదుళ్ళు దెబ్బతినవు. తిండి సరిచేస్తే ఆరు నెలల్లో చాలావరకు తిరిగివస్తుంది. ఐరన్ నిల్వలు, థైరాయిడ్, డి విటమిన్ చూపించుకోవడం మంచిది.

ఇంట్లో చేసుకోగల చిన్న పరీక్ష ఒకటుంది. ఒక రోజు తలస్నానం చేయకుండా ఉండి, యాభై అరవై వెంట్రుకలను రెండు వేళ్ళ మధ్య పట్టుకుని కుదురు నుంచి చివరి దాకా మెల్లగా లాగాలి. ఆరు దాటి చేతికొస్తే, తల వెనక భాగంలో లాగినా అలాగే వస్తే, అది రాలే జబ్బు. బట్టతలలో సాధారణంగా ఇలా గుప్పెట్లోకి రావు. దాన్ని పట్టుకోవాలంటే నుదుటి మూలల్లో, నడినెత్తిలో లావు వెంట్రుకల మధ్య సన్నవి, పొట్టివి కలిసి ఉన్నాయా అని వెలుతురులో చూడాలి. వెనక భాగంతో పోల్చి చూస్తే తేడా ఇట్టే తెలుస్తుంది. ఆరు నెలలకోసారి ఒకే చోట, ఒకే వెలుగులో ఫొటో తీసి పెట్టుకోవడం అద్దంలో రోజూ చూసుకుని కుమిలిపోవడం కన్నా పనికొస్తుంది.

ఇంకో మాట కూడా ఒప్పుకోవాలి. వంశంలో ఉన్నవాళ్ళకు బట్టతల సహజంగా మొదలయ్యే వయసూ, కుర్రాళ్ళు జిమ్‌లో చేరే వయసూ ఒకటే. ఇరవై దాటగానే. డబ్బా ముట్టని మేనమామకూ ముప్పై రెండుకు వచ్చింది కదా. మనవాడికీ జూలైకి ముందే నుదుటి మూలల్లో పని మొదలై ఉండవచ్చు. స్టెరాయిడ్ చేసింది దాన్ని పరిగెత్తించడం. ఎంత మేర డబ్బాది, ఎంత మేర వంశానిది అని ఒక్క మనిషిలో విడదీసి చెప్పడం ఏ డాక్టర్‌కూ సాధ్యం కాదు.

డబ్బా ఆపేస్తే పోయిన జుట్టు తిరిగి వస్తుందా? పరుగు ఆగుతుంది, పోయినదంతా రాదు. నూగుగా మారిన కుదురు తనంతట తాను మళ్ళీ లావు వెంట్రుకను పెంచడం అరుదు. ఇంకా పూర్తిగా కుదించుకుపోని కుదుళ్ళను మందులతో కొంత లాగవచ్చు. ఐదు శాతం మినాక్సిడిల్ పూత రోజుకు రెండు పూటలు వాడితే మొదటి వారాల్లో ఇంకా ఎక్కువ రాలుతుంది. పాత వెంట్రుకలను తోసి కొత్తవి రావడం వల్ల అలా జరుగుతుంది, దాన్ని చూసి చాలామంది భయపడి మానేస్తారు. ఫలితం తెలియడానికి నాలుగు నుంచి ఆరు నెలలు కావాలి. ఆపేస్తే కొన్ని నెలల్లో వచ్చినదీ పోతుంది. ఫినాస్టెరైడ్ ఒక మిల్లీగ్రామ్ మాత్ర 1997 నుంచి బట్టతలకు వాడుకలో ఉంది. కొద్దిమందిలో లైంగిక ఇబ్బందులు, మనసు కుంగిపోవడం కనిపిస్తాయి. స్టెరాయిడ్ వల్ల ఇప్పటికే హార్మోన్లు తలకిందులైన కుర్రాడికి ఈ మాత్ర ఎప్పుడు మొదలుపెట్టాలో, అసలు పెట్టాలో వద్దో నిర్ణయించాల్సింది వైద్యుడే. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు చాలా నెలలుగా నడుస్తుంటే వాటిని ఆపడం కూడా ఎండోక్రైనాలజిస్ట్ చూస్తుండగా జరగాలి. ఒక్కసారిగా ఆపితే వచ్చే నీరసం, దిగులు తట్టుకోలేకే చాలామంది మళ్ళీ మొదలుపెడతారు.

డాక్టర్ దగ్గరికి వెళ్ళేటప్పుడు సిగ్గుపడి డబ్బా పారేయకండి. వే, క్రియాటిన్, బూస్టర్, సీసా, సిరంజి మీద మిగిలిన చీటీ, ఏవి వాడితే అవన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్ళండి. ఏ నెలలో ఏది మొదలుపెట్టారో, ఎప్పుడు తిండి తగ్గించారో కాగితం మీద రాసుకోండి. డాక్టర్ మీ మీద కేసు పెట్టడు, ఇంట్లోవాళ్ళకు ఫోన్ చేయడు. అడగకపోయినా మీరే చెప్పండి. ఆ సంచి లేకుండా మీ జుట్టు ఎందుకు ఊడుతోందో ఆయన ఊహించాల్సిందే తప్ప చెప్పలేడు.